కోపం వచ్చిన స్వామి, తేనె తెచ్చిన చెంచు పిల్ల

రాపూరు దాటి ఇంకొంచెం ముందుకు పోతే పెంచలకోన వస్తుంది బంగారూ. చుట్టూ వెలుగొండలు, పక్కనే వాగు, నరసింహస్వామి గుడి. ఈ కథ అక్కడిదే. అప్పటికింకా గుడి లేదు. అంతా అడవే.

ప్రహ్లాదుడు పిలిస్తే స్వామి స్తంభంలోంచి వచ్చాడని నీకు తెలుసు కదా? సింహం మొహం, ఇంత జూలు! ఆ పని అయిపోయింది. ప్రహ్లాదుడు హాయిగా పడుకుని నిద్రపోతున్నాడు. స్వామికి మాత్రం కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో స్వామికే తెలీదు. గొడవ అయిపోయినా మూతి ముడుచుకునే కూర్చుంటావే నువ్వు, అట్లాగన్నమాట.

దేవతలు పాటలు పాడారు. "ఊఁ" అన్నాడు. పూలు చల్లారు. అవి జూలులో ఇరుక్కుని తుమ్మొచ్చింది. హాచ్! ఇంకా కోపమొచ్చింది.

"నన్నెవరూ పలకరించొద్దు" అని కొండల్లోకి నడిచాడు. దబ్, దబ్, దబ్. స్వామి అడుగు పడితే ఉసిరిచెట్లు ఊగేవి, కాయలు జలజలా రాలేవి. ఉడతలకు పండగే పండగ! తోకలెత్తుకుని వెనకాలే పరుగులు. "స్వామీ, ఆ చెట్టు దగ్గర కూడా ఒక్క అడుగు వెయ్యి స్వామీ!"

అట్లా నడిచి నడిచి కోనకు వచ్చాడు. "గుర్ర్ర్" అన్నాడు. ఎదురుకొండ కూడా "గుర్ర్ర్" అంది.

"ఎవరయ్యా అది? మెల్లగా! తేనెటీగలు లేస్తాయి!"

స్వామి అటు తిరిగి చూశాడు. బండమీద ఒక చెంచు పిల్ల నిలబడి ఉంది. కొప్పులో నెమలీక, చంకలో బుట్ట.

"నీకు సింహం మొహం ఉందే!" అంది.

"ఉంది. నీకు భయం లేదా?"

"ఎందుకు? మా అడవిలో ఎలుగుబంట్లే ఉన్నాయి. అవీ తేనె కోసమే వస్తాయి. నీకూ కావాలా?"

మోదుగాకు దొన్నెలో ఇంత తేనె పోసి ఇచ్చింది. స్వామి నాలిక పెట్టి చూశాడు. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, ఆఖరికి దొన్నె కూడా నాకేశాడు. మీసాలకు తేనె, గడ్డానికి తేనె, జూలు జూలంతా బంకబంక.

"ఇంకా ఉందా?"

"ఇంకా అంటే ఆ పైన ఉంది" అని కొండచరియకు వేలాడుతున్న పెద్ద తుట్టె చూపించింది. "తాడు పట్టుకుని దిగాలి. ఆకుల పొగ పెట్టాలి. మెల్లగా కొయ్యాలి. అంతా కొయ్యకూడదు, ఈగల పిల్లలకు సగం ఉంచాలి."

"సరే, దిగుతా" అన్నాడు స్వామి. కొండ మీద ఆ పిల్ల అన్న నారతాడు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను తాడు పట్టనయ్యా. మాలో తేనె తీసేవాడి తాడు బావమరిదే పట్టుకోవాలి. నువ్వు నాకేమవుతావు?"

స్వామి ఆలోచించాడు. ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల వాగు వైపు చూసింది.

"బావనవుతా" అన్నాడు స్వామి.

"అట్టా ఊరికే అయిపోతారా? గడ్డలు తవ్వడం వచ్చా?" అంది ఆ పిల్ల.

ఇది చాలా బాగుంటుంది చూడు. స్వామికి పెద్ద పెద్ద గోళ్ళు ఉన్నాయి కదా! గుణపంతో పనేముంది? నేలలో చెయ్యి పెట్టి, వేరు తెగకుండా, గడ్డ చీరుకుపోకుండా ఒక్కొక్కటే బయటికి తీశాడు. మట్టి దులిపి బుట్టలో పెట్టాడు. గోళ్ళు ఇంత మెత్తగా పనిచేస్తాయని స్వామికే తెలీదు.

తర్వాత తునికిచెట్టు ఎక్కి పండ్లు కోశాడు. పాలపండ్లు ఏరాడు. సగం తిన్నాడనుకో, ఆ పిల్ల ఏమీ అనలేదు.

సాయంత్రం అయ్యింది. ఉడతలన్నీ వచ్చి వరసగా నిలబడ్డాయి.

"స్వామీ, ఉసిరికాయలు రాలడం లేదు!"

స్వామి నడిచి చూపించాడు. దబ్ అని లేదు. చెట్టు ఊగలేదు. ఒక్క కాయ కూడా పడలేదు. కోపం ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు! పాపం ఉడతలు, ఆ రోజు నుంచి చెట్టెక్కి కోసుకోవాల్సి వచ్చింది.

వైశాఖ మాసంలో పెళ్ళి. ఇప్పుడు కూడా ఏటా వైశాఖంలోనే కోనలో స్వామికి కల్యాణం చేస్తారు, మన ఊళ్ళ నుంచి బస్సులు నిండిపోతాయి. వాగవతల ఆదిలక్ష్మమ్మ గుడి కూడా ఉంది. ఆ అమ్మ కథ వేరే, రేపు చెప్తాను.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే, ఇంకా పళ్ళు కూడా తోముకోలేదు స్వామి, కొండ మీది నుంచి కేక.

"బావా! తాడు పట్టుకున్నా, రా!"