రేణుకకు, చిన్నాయిన ఏడాది మాసికం గురించి

రేణూ,

నిన్న చిన్నాయిన ఏడాది మాసికం. నేను మర్చిపోయిన. నన్ను మాఫ్ చెయ్యి.

ఆపదేం రాలె, పానం బాగలేకపోలె. మతికి లేకుండె, అంతే. తప్పు నాదే.

శనివారం సాయంత్రానికే వస్త అన్నది నేను. ఫొటో ఫ్రేము, మోదుగ ఇస్తరాకులు నూరు, బంతిపూలు నాలుగు కిలోలు నల్లగొండ నుంచి నేనే తెస్త, వాటి సంగతి మీరు మర్చిపోండ్రి అని చిన్నమ్మ ముందర చెప్పింది కూడ నేనే. ఆ మాట నమ్మి మీరు వేరే ఏర్పాటు చేసుకోలె. నేను రాకపోవుడు ఒక ఎత్తు, చుట్టాలందరు వచ్చి కూసున్నంక మీ చేతుల ఏం లేకుండ చేసుడు ఇంకో ఎత్తు. తమ్ముడు బండేసుకొని హాలియాకు ఉరికిండంట. నువ్వు పొయ్యికాడి పని విడిచిపెట్టి, "ఫొటో ఏది బిడ్డా" అని అడిగినోళ్లకల్లా జవాబు చెప్పుకుంట తిరిగినవంట. ఆ జవాబు నేను చెప్పాల్సింది.

పొద్దున ఏడింటికి నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలె. "పనిల ఉన్న, తర్వాత చేస్త" అని రాసి పంపిన. తర్వాత చెయ్యనే లేదు. ఆ రోజు ఆ గడియల నీకు అట్లాంటి మాట పంపినందుకు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధైతున్నది.

రాత్రి తమ్ముని స్టేటస్ చూసినంకనే నాకు మతికొచ్చింది. పీట మీద ఇత్తడి చెంబుకు ఆనిచ్చి, పట్టా పాసుబుక్కు కోసం దిగిన చిన్న ఫొటో. దండ ఫొటో కంటే పెద్దగున్నది, మొఖం సగం కప్పేసింది. పొలం గట్టు మీద రుమాలు కట్టుకొని నవ్వుకుంట నిలబడ్డ ఫొటో కావాలని నువ్వు ఫోన్‌ల పాతయన్ని ఎతికి తీసిచ్చినవ్. అది అద్దం బిగించి, నా ఇంట్ల బీరువా పక్కన ఉండె. నిన్న దాని ముందర దీపం పెట్టాల్సిన దినం. ఆ దినాన్ని నేను మళ్ల తెచ్చియ్యలేను.

నా చేతనైంది చేస్త.

ఫొటో బుధవారం తెస్త. పొద్దున ఎనిమిదింటి హాలియా బస్సుకు వస్త. పన్నెండు బై పద్దెనిమిది ఫ్రేము, అద్దం పగలకుండ దుప్పట్ల చుట్టి ఒళ్లె పెట్టుకొని తెస్త. గోడకు కొట్టనీకె మేకులు, ఎనక కట్టే తీగ కూడ తెస్తున్న. ఏ గోడకో చిన్నమ్మ చెప్పినట్టు. నన్ను చూడబుద్ధి కాకుంటే తమ్మున్ని బస్టాండుకు పంపు, ఆయన చేతికిచ్చి అదే బస్సుకు మల్లిపోత. మనసుల పెట్టుకోను.

ఇస్తరాకులు, పూలు నా వంతు. తమ్ముని ఫోన్‌కు 1,400 కొట్టిన. తక్కువైతే చెప్పమను, ఎనకకు మాత్రం పంపొద్దను. పైసలతోటి ఇది తీరదని తెలుసు. కానీ నేను ఒప్పుకున్న ఖర్చు మీ మీద పడొద్దు.

వచ్చే ఏడాదికి తారీఖు మారుతది, అందుకే తిథి రాసుకున్న: మాఘ బహుళ పంచమి. ఉగాదికి కొత్త పంచాంగం రాంగనే ఏ తారీఖున పడ్డదో చూసి, చిన్నమ్మను అడిగి ఖాయం చేసుకుంట. ఆ తిథి కంటే ముందు పెత్రమాస వస్తది. చిన్నాయిన పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు నీ పక్కన ఉండాలని నాకున్నది. రమ్మంటేనే వస్త. ఇప్పుడే చెప్పాల్సిన పని లేదు, అప్పటికి నీ మనసు ఎట్లుంటే అట్ల.

కోపమొస్తే తిట్టు, ఎదురు చెప్పను. మాట్లాడబుద్ధి కాకుంటే మాట్లాడకు. దీనికి జవాబు రాయకున్నా నేను "చూసినవా, చూసినవా" అని సతాయించను.

చిన్నమ్మకు రేపు పొద్దున నేనే ఫోన్ చేసి చెప్పుకుంట. నా తరఫున ఆమెకు సర్దిచెప్పే పని నువ్వు పెట్టుకోకు. బుధవారం బస్సు ఎక్కే ముందు తమ్మునికి ఫోన్ చేస్త, ఇంటికి రావాల్నో బస్టాండు కాడ ఇయ్యాల్నో ఆయనతోని చెప్పి పంపు.

నీ
మంజుల