మావయ్య చెరువులో 60 రొయ్యలు: బరువుల డేటా సమ్మరీ

భీమవరం దగ్గర మా మావయ్యకి ఒక వనామీ రొయ్యల చెరువుంది. పోయిన ఆదివారం పొద్దున్నే విసురు వలతో రెండు మూడు చోట్ల పట్టి, వచ్చినవాటిలో 60 రొయ్యల్ని నీళ్లు ఓడిపోయాక ఒక్కొక్కటిగా వంటింటి కాటా మీద తూచాను. కాటా గ్రాము కంటే చిన్న తేడా చూపించదు, అందుకే బరువులన్నీ పూర్ణ సంఖ్యలే. అన్నిటికన్నా తక్కువది 8 గ్రాములు, ఎక్కువది 25.

హిస్టోగ్రామ్ గీయడానికి బిన్ వెడల్పు, అంటే ఒక్కో కడ్డీ ఎన్ని గ్రాముల్ని కలుపుకోవాలో తేల్చుకోవడం దగ్గరే నాకు సగం రోజు పోయింది. మొదట ఆ వెడల్పు లెక్కగట్టడానికి పుస్తకంలో ఉన్న ఫ్రీడ్‌మన్-డయాకోనిస్ సూత్రం వాడాను. ఇందులో n అంటే రొయ్యల సంఖ్య, IQR అంటే మధ్యలోని సగం బరువులు పరుచుకున్న దూరం.

```
2 * IQR / n^(1/3) = 2 * 7 / 3.915 = 3.58
```

దాన్ని 4 గ్రాములకి సవరించి గీస్తే 7, 13, 17, 21, 2 వచ్చాయి. మెట్లెక్కినట్టు పెరిగి చివర్లో ఒక్కసారిగా పడిపోయింది, "ఎడమవైపు వాలిన ఒకే శిఖరం" అని రాసేసి లేచిపోయేవాణ్ణే. కానీ తూచేటప్పుడు చేతికి తెలిసింది వేరు, చిన్నవి ఒక రకం, పెద్దవి ఒక రకం అనిపించింది, మధ్య సైజువి తక్కువే తగిలాయి. చూస్తే తప్పు సూత్రానిది కాదు. డేటాలో రెండు గుంపులుంటే IQR రెండిటి మధ్య దూరాన్ని కూడా కలుపుకుని పెద్దదైపోతుంది, దాంతో బిన్ కూడా వెడల్పై ఆ రెండు గుంపుల్నీ కలిపి మింగేస్తుంది.

సరే సన్నగా చేద్దామని 1.5 పెట్టాను, అది ఇంకా ఘోరం. పూర్ణ సంఖ్యలు కాబట్టి ఒక బిన్‌లో ఒకే గ్రాము విలువ పడితే పక్కదాంట్లో రెండు పడతాయి, లేని పళ్లు మొలిచి దువ్వెనలా కనిపించింది. అంటే వెడల్పు కూడా పూర్ణ సంఖ్యే కావాలి, అంచులు అరగ్రాము మీద ఉండాలి. R ప్రోగ్రామ్ తనంతట తాను గీసినది కూడా వదిలేశాను, అందులో వెడల్పు 2 అయినా మొదటి బిన్‌లో 8, 9, 10 మూడూ కూర్చున్నాయి. చివరికి ఇది వాడాను, w అంటే ఆ 60 బరువులు:

```r
hist(w, breaks = seq(7.5, 25.5, by = 2))
```

వరసగా 2, 5, 8, 5, 5, 12, 14, 7, 2. అంచుల్ని ఒక గ్రాము వెనక్కి జరిపి 6.5 నుంచి మొదలుపెట్టినా, వెడల్పు 3 చేసినా మధ్యలో పల్లం పోలేదు. అందుకే దాన్ని నమ్ముతున్నాను.

ఆకారం: రెండు శిఖరాలు, చిన్నది 12-13 గ్రాముల దగ్గర, పెద్దది 20-21 దగ్గర, మధ్యలో 14 నుంచి 17 దాకా పల్లం. మిగతావాటికి దూరంగా విడిగా పడ్డ రొయ్య ఒక్కటీ లేదు. కారణం మావయ్యే చెప్పాడు, మొదట వేసిన పిల్ల కొంత పోతే ఇరవై రోజుల తర్వాత మళ్లీ వేశారట.

కేంద్రం: సగటు 17.3, మధ్యగతం 18.5. రెండూ సరైనవే, కానీ రెండూ ఒంటరిగా మోసం చేస్తాయి. 17 గ్రాములవి మూడే ఉన్నాయి. కౌంటులో చెప్తే (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది) 17.3 అంటే సుమారు 58 కౌంటు, చెరువంతా అదే సైజు అనుకుంటారు. పల్లం అడుగున 15కీ 16కీ మధ్య విడదీస్తే చిన్న గుంపులో 20, మధ్యగతం 12 గ్రాములు, అంటే 83 కౌంటు. పెద్ద గుంపులో 40, మధ్యగతం 20, అంటే 50 కౌంటు. అడిగితే నేను ఈ రెండు అంకెలే చెప్తాను. కాకపోతే ఆ గీత నేను కంటితో గీసినది, 15 గ్రాముల రొయ్య ఏ విడత పిల్లో దాన్ని చూసి చెప్పలేం.

విస్తరణ: వ్యాప్తి 17 గ్రాములు. చతుర్థాంశాలు 13.5, 20.5, కాబట్టి IQR 7. ప్రామాణిక విచలనం 4.25. ఇందులో ఎక్కువ భాగం గుంపుల మధ్య ఉన్న దూరమే, అందుకే "సగటుకి అటూ ఇటూ 4.25" అని రాయట్లేదు. 13 నుంచి 21.6 దాకా అని చెప్తే పల్లం మొత్తం అందులోనే పడుతుంది.

ఒక ఇబ్బంది మిగిలింది. వల కన్నుల్లోంచి చిన్నవి జారిపోయి ఉంటాయి, పట్టినవి కూడా గట్టు నుంచి విసిరితే అందినవే. కాబట్టి చెరువులో చిన్నవాటి వాటా మూడో వంతు అని ఈ 60ని చూసి రాయలేను, ఇంకా ఎక్కువే ఉండొచ్చు.