తరగతులు తరచూ రద్దు కావడంపై సంజాయిషీ కోరుతూ లేఖ

చిత్తూరు,
15-09-2025.

రసాయనశాస్త్ర విభాగాధిపతి నుంచి
అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆర్గానిక్ కెమిస్ట్రీ గారికి

విషయం: బీఎస్సీ రెండో సంవత్సరం, మూడో సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ తరగతులు జరగకపోవడంపై విద్యార్థుల ఫిర్యాదు.

మేడమ్, నమస్కారం.

శనివారం మధ్యాహ్నం మన రెండో సంవత్సరం విద్యార్థులు 31 మంది సంతకాలతో ఒక అర్జీ తెచ్చి ఇచ్చారు. ఆగస్టు 19, 26, 29, సెప్టెంబర్ 2, 9, 12 తేదీల్లో మీ తరగతి జరగలేదని అందులో రాశారు. పిల్లల మాట ఒక్కటే పట్టుకుని మీకు ఉత్తరం రాయడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందు లీవ్ లెటర్లు, అటెండెన్స్ రిజిస్టర్, మీ టీచింగ్ డైరీ చూశాను. ఆరు తేదీల్లో సెప్టెంబర్ 2, 9కి మాత్రమే మీ సీఎల్ లెటర్లు ఉన్నాయి. ఆ రెండు రోజులకూ క్లాస్ అడ్జస్ట్‌మెంట్ ఎవరికీ ఇవ్వలేదు. మిగతా నాలుగు రోజులు మీరు కాలేజీకి వచ్చినట్టు హాజరు ఉంది.

ఇంకో సంగతి కూడా రాయక తప్పదు. ఆగస్టు 29న ఎలిమినేషన్ చర్యలు చెప్పినట్టు టీచింగ్ డైరీలో ఉంది. ఒక అమ్మాయి నోట్సు అడిగి తీసుకుని చూశాను. ఎస్‌ఎన్1 చర్యలో కార్బోకాటయాన్ ఏర్పడే మెట్టు దగ్గర బాణం గీసి ఆగిపోయింది. దాని పక్క పేజీ ఖాళీ. ఆ వెనక ఎస్‌ఎన్2 గానీ, ఎలిమినేషన్ గానీ ఎక్కడా లేవు. ఈ తేడా ఎలా వచ్చిందో మీరే చెప్పాలి. మీ మాట వినకుండా నేను ఏ నిర్ణయానికీ రాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది రద్దు చేసిన తీరు. సెప్టెంబర్ 9న తొమ్మిదిన్నర క్లాసుకు తొమ్మిది దాటి పన్నెండు నిమిషాలకు గ్రూపులో మెసేజ్ వచ్చింది. పలమనేరు, పెనుమూరు, ఐరాల వైపు నుంచి వచ్చే పిల్లలు అప్పటికే బస్సు దిగి గేటు దాకా వచ్చేశారు. వాళ్లలో కొందరు పొద్దున్నే పాలు పితికి, ఏడు గంటల బస్సు పట్టుకుని వస్తారని మీకూ తెలుసు. ఆ రోజు రెండు గంటలు వరండాలో కూర్చున్నారు.

మన పేపర్‌లో ఐదు యూనిట్లున్నాయి. ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 తేడా సరిగ్గా పట్టుబడకపోతే పిల్లలకు ఆల్కహాల్స్ అధ్యాయం బట్టీ పట్టడమే గతి అవుతుంది. రేసిమైజేషన్ ఎక్కడ వస్తుంది, ఇన్వర్షన్ ఎక్కడ వస్తుంది అన్నది బోర్డు మీద గీసి చూపిస్తే తప్ప బుర్రకెక్కదు. అలా గీసి చూపించడంలో మన విభాగంలో మీకు సాటి లేరు. పోయినేడాది బ్యాచ్ పిల్లలు మీ క్లాసుల గురించి ఇంకా చెప్పుకుంటారు. అందుకే ఈ అర్జీ చదివి మరీ బాధ కలిగింది.

మీ అత్తగారి వైద్యం కోసం వేలూరు వెళ్లివస్తున్నారని స్టాఫ్ రూమ్‌లో అనుకుంటుంటే విన్నాను. మీరు మాత్రం నాతో ఎప్పుడూ చెప్పలేదు. అది నిజమైతే మీ ఇబ్బంది చిన్నది కాదు. ఒక్క మాట నా చెవిన వేస్తే చాలు, మంగళవారం మొదటి పీరియడ్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు, ఇనార్గానిక్ సార్‌తో గంటలు మార్పిడి చేసుకోవచ్చు. ఇంట్లో కష్టం ఉన్నప్పుడు సాయం చేయడానికే తోటివాళ్లం ఉన్నాం. క్లాసు మాత్రం చెప్పాపెట్టకుండా పోకూడదు.

ఈ నెల 19వ తేదీ శుక్రవారం సాయంత్రం ఐదులోగా మీ సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వండి. పైన రాసిన ఆరు తేదీలకూ కారణం, డైరీ విషయం రెండూ అందులో ఉండాలి. ఆరు తరగతులు తిరిగి ఎప్పుడు చెబుతారో కూడా రాయండి. సాయంత్రం నాలుగు దాటితే పల్లెలకు బస్సులు దొరకడం కష్టం కాబట్టి శనివారం ఉదయం గంటలు పెట్టుకుంటే మంచిది, గది నేను చూస్తాను. రద్దయిన రోజుల్లో ఏ విద్యార్థికీ ఆబ్సెంట్ వేయకండి. డెబ్బై ఐదు శాతం హాజరు లెక్కలో వాళ్లు నష్టపోకూడదు. ఇకపై సెలవు పెట్టేటప్పుడు అడ్జస్ట్‌మెంట్ తీసుకున్నవారి సంతకం లీవ్ లెటర్ మీదే ఉండాలి. అర్జీ మీద సంతకాలు చేసిన పిల్లల్ని ఈ విషయమై ప్రశ్నించవద్దు, ఇంటర్నల్ మార్కుల్లో దాని ఛాయ కనిపించకూడదు.

ఈ అర్జీని ఇంకా ప్రిన్సిపాల్ గారికి పంపలేదు, మీ జవాబు దానికి జతచేసి పంపాలనుకుంటున్నాను. గడువులోగా మీ జవాబు రాకపోతే అర్జీని అలాగే పంపాల్సి వస్తుంది. రేపు మూడో పీరియడ్ నాకు ఖాళీ. ఉత్తరం రాసే ముందు మాట్లాడాలనిపిస్తే నా గదికి రండి.

ఇట్లు,
విభాగాధిపతి,
రసాయనశాస్త్ర విభాగం.

జత: విద్యార్థుల అర్జీ నకలు, సంతకాల పేజీ లేకుండా.