కిరణ్ గారూ, ఈ సంబంధం ఇక్కడితో ఆపేద్దాం

కిరణ్ గారూ,

ఫోన్‌లోనే చెప్దామని నిన్న రాత్రి రెండుసార్లు మీ నంబరు తీశాను. కానీ మీరు ఎప్పట్లాగే మంచిగా మాట్లాడతారు, నేను మళ్లీ మెత్తబడిపోతాను, ఇంకో వారం గడిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నేను ఈ పెళ్లికి ఒప్పుకోలేకపోతున్నాను. బాగా ఆలోచించుకునే చెప్తున్నాను, ఇక మారదు. నిన్న సాయంత్రం అమ్మకు, నాన్నకు కూడా చెప్పేశాను. శనివారం పొద్దున పది గంటలకు నాన్న మీ నాన్నగారికి ఫోన్ చేస్తారు. ఈలోపు మీకు నేనే చెప్పాలి, పెద్దవాళ్ల ద్వారా మీ చెవిన పడకూడదని ఆయన్ని రెండు రోజులు ఆగమన్నాను.

ఎందుకు అని మీరు అడుగుతారు. అడిగే హక్కు మీకు ఉంది కూడా. ఈ ఆరు వారాల్లో మీరు నాతో ఒక్క మాట తేడాగా మాట్లాడలేదు. ఉద్యోగం మానెయ్యమనలేదు, జీతం ఎంతని అడగలేదు. పెళ్లి చూపుల రోజు మా చెల్లి మీ మీద టీ ఒలికించినా నవ్వేసి ఊరుకున్నారు. ఇంట్లో అందరికీ నచ్చారు. నాకూ మీరంటే గౌరవమే. కానీ మీతో జీవితాంతం కలిసి ఉండాలన్న ఇష్టం మాత్రం నాలో పుట్టలేదు. పుడుతుందేమోనని నిజంగానే ఎదురుచూశాను.

ఒక చిన్న సంగతి చెప్తాను, అప్పుడు నా మాట కొంచెం అర్థమవుతుందేమో. పోయిన సోమవారం మా కాలేజీలో ఇంటర్ పిల్లల ప్రాక్టికల్స్. ఒకడు లోలకం ఇంకా ఊపనే లేదు, రికార్డులో గురుత్వ త్వరణం 9.8 అని రాసేసి కూర్చున్నాడు. ఎట్లా వచ్చిందిరా అంటే, "పోయినేడు మా అన్నకు గంతనే వచ్చింది మేడం" అన్నాడు. మెట్రోలో ఇంటికి వస్తూ అది గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించి ఫోన్ తీశాను. వాట్సాప్‌లో అన్నిటికంటే పైన మీ పేరే ఉంది, మధ్యాహ్నం మీరు "తిన్నారా" అని పెట్టిన మెసేజ్. దానికి "ఆఁ, తిన్నాను" అని జవాబిచ్చి, కిందికి జరిపి లావణ్యకు ఫోన్ చేశాను. మలక్‌పేట దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి నాకు మనసులో ఏదోలా అయింది. వెనక్కి తిరిగి చూసుకుంటే, ఈ ఆరు వారాల్లో సంతోషమైనా చిరాకైనా ముందు మీకే చెప్పాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. మీరు అడిగితే చెప్పాను, అడగకపోతే లేదు. అది మీ లోటు కాదు కిరణ్ గారూ. మీరు ఇంకోలా మాట్లాడి ఉంటేనో, ఇంకో పది మెసేజ్‌లు పెట్టి ఉంటేనో మారేది కూడా కాదు. దయచేసి పాత మెసేజ్‌లు తీసి ఎక్కడ తేడా కొట్టిందా అని వెతకకండి. అక్కడ ఏమీ దొరకదు.

ఇంకో విషయం మీరు తప్పకుండా అనుకుంటారు కాబట్టి నేనే చెప్తాను. కేబీఆర్ పార్కులో కలిసిన రోజు మీరు మీ ఉద్యోగం పోయిన ఆ ఐదు నెలల సంగతి చెప్పారు. ఇంట్లో తెలియకూడదని రోజూ బ్యాగు తగిలించుకుని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి, గ్రూప్స్‌కు చదివే పిల్లల మధ్య కూర్చునేవాణ్నని అన్నారు. ఇది దానివల్ల కాదు. ఒట్టు. పెళ్లి చూపుల్లో కలిసిన మనిషికి రెండోసారి కలిసినప్పుడే అది చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు, ఆ రోజు మీ మీద గౌరవం పెరిగింది. ఆ మాట నేను మా ఇంట్లో చెప్పలేదు, లావణ్యకు చెప్పలేదు. ఇక ముందు కూడా ఎవరికీ చెప్పను.

తప్పు జరిగింది ఎక్కడంటే నా దగ్గర. అమీర్‌పేటలో మూడోసారి కలిసినప్పటికే నాకు సగం తెలుసు. అది ఇద్దరికీ మధ్యలో అనుకుని వెళ్లి, మీకు పది స్టేషన్లు, నాకు పద్నాలుగు అని లెక్కపెట్టుకుని నవ్వుకున్నాం చూడండి, ఆ రోజే. అప్పుడే చెప్పాల్సింది. ఇంట్లో అమ్మ అప్పటికే పట్టుచీరల లెక్క వేస్తోంది, గుణాలు 36కి 26 కలిశాయని నాన్న కనిపించినవాళ్లందరికీ చెప్తున్నారు. వాళ్ల సంతోషం చూసి నోరు రాలేదు. సంక్రాంతి వెళ్లనిద్దాం అనుకున్నాను. తర్వాత నుమాయిష్‌కు వచ్చాను.

నుమాయిష్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మీకు వేరేలా అర్థమై ఉంటుంది. అది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందని మీరు చెప్తుంటే నేను శ్రద్ధగా విన్నాను, అది నటన కాదు. గాజుల స్టాల్ అతను నన్ను "భాభీ" అన్నాడు, ఆ ఎర్ర లక్క గాజులు మీకు బాగుంటాయన్నాడు. నేను నవ్వాను, కాదని చెప్పలేదు. మీరు పర్సు తీశారు, నేను వద్దన్నాను. మొహమాటపడుతోంది అనుకున్నారు మీరు. మొహమాటం కాదు. ఆ గాజులు వేసుకుని మీ పక్కన నడవడం నాకు ఊహకు రాలేదు. అక్కడే మీతో చెప్పాల్సింది పోయి మిర్చి బజ్జీ తిందామా అన్నాను. ఆ సాయంత్రం మీకు ఆశ కలిగి ఉంటే అది నా వల్లే. అందుకు నన్ను క్షమించండి.

జాతకాలు మళ్లీ చూపించాం, కుదరలేదు అని చెప్పమని సత్యవతి ఆంటీ సలహా ఇచ్చారు. ఆంటీ మంచికే అన్నారు, అట్లయితే ఎవరికీ నామోషీ ఉండదని. నాకు నచ్చలేదు. మీ అమ్మగారు ఇంకో పంతులుగారికి చూపిస్తారు, ఆయన భేషుగ్గా ఉందంటారు, మళ్లీ కథ మొదటికి వస్తుంది. పైగా రెండేళ్ల కింద ఒకళ్లు మమ్మల్ని చూసి వెళ్లి "ఆలోచించుకుని చెప్తాం" అన్నారు. నలభై రోజులు నాన్న ఫోన్‌ను స్నానానికి వెళ్లినా కిటికీలో పెట్టుకున్నారు. ఈ రోజు వరకు చెప్పలేదు వాళ్లు. మీ నాన్నగారు అట్లా ఎదురుచూడకూడదు. ఫాల్గుణంలో తాంబూలాలు అన్న మాట అనుకున్నారు కాబట్టి మీరు ఇంకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్తున్నాను.

ఇంకో రెండు నెలలు ఆగుదామా, ఒకరినొకరు ఇంకా తెలుసుకుందామా అని అడగాలనిపిస్తే, నా జవాబు వద్దనే. హన్మకొండ సంబంధం ఒకటి మా కోసం పక్కన పెట్టారని మీ నాన్నగారు మాటల్లో అన్నారట. దయచేసి దాన్ని నా వల్ల ఆపకండి. స్నేహితులుగా ఉందాం అని కూడా అనను. మీరు రోజూ మెసేజ్ పెడతారు, నేను జవాబిస్తాను, ఇద్దరికీ అదొక అలవాటవుతుంది, అది మంచిది కాదు. ఈ మెసేజ్‌కు మీరు ఏం రాసినా చదువుతాను. కోపంగా రాసినా సరే. అడిగినదానికి ఒక్కసారి జవాబు ఇస్తాను. ఆ తర్వాత నంబరు తీసేస్తాను, అది మీ మీద కోపంతో కాదు. మీ ఫొటోలు, బయోడేటా, జాతకం కాపీ అన్నీ నా ఫోన్‌లోంచి, నాన్న ఫోన్‌లోంచి తీసేశాను. నావి కూడా మీ ఇంట్లో ఉంటే తీసేయమని చెప్పండి.

మీ ఇంట్లో ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. అమ్మాయికి ఇష్టం లేదట అని ఉన్నదున్నట్టు చెప్పినా నాకు ఇబ్బంది లేదు. మీరే వద్దన్నారని చెప్పుకున్నా నేను కాదనను, కానీ నాన్న శనివారం నా నిర్ణయమనే చెప్తారు కాబట్టి రెండూ పొసగవు, అది ఒకటి చూసుకోండి. మీ అమ్మగారికి మాత్రం నా తరఫున ఒక మాట చెప్పండి. ఆవిడ నన్ను చూసిన మొదటి రోజే "బిడ్డా" అన్నారు. ఆ పిలుపు గుర్తొచ్చే ఈ మెసేజ్ మూడుసార్లు రాసి చెరిపేశాను.

ఆఖరిగా ఒక పని మిగిలింది. సంక్రాంతికి ఆవిడ సకినాలు పంపిన స్టీలు డబ్బా మా ఇంట్లోనే ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా "లచ్చవ్వ" అని కొట్టించి ఉంది, అది మీ నానమ్మగారి పేరని మీరే చెప్పారు. అది ఎలాగైనా మీ ఇంటికి చేరాలి. సత్యవతి ఆంటీ ఆదివారం కూకట్‌పల్లిలో వాళ్ల అమ్మాయి దగ్గరికి వస్తున్నారు, ఆవిడ చేతికి ఇస్తున్నాను. మీరు ఆంటీని కలవడం ఇబ్బంది అనుకుంటే మీ తమ్ముణ్ని పంపండి.

డబ్బా వట్టిగా పంపకూడదని అమ్మ పట్టుబట్టి పావుకిలో చక్కెర పోసింది. నేను వద్దన్నాను, వాళ్లు ఇంకేదో అనుకుంటారేమో అని. వట్టి గిన్నె వాపసు ఇయ్యొద్దు, అంతేనే అంది. కాబట్టి అది ఉట్టి చక్కెరే. మీ అమ్మగారికి కూడా అలాగే చెప్పండి.

శ్రావణి