బస్తా లెక్క

(పదిహేను నిమిషాల స్కిట్)

పాత్రలు:
సమ్మయ్య – ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ
రజిత – అతని భార్య, ఇంట్లోనే బట్టలు కుడుతుంది
శ్రావణి – కూతురు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ
కొమురయ్య – రజిత అన్న (తెర వెనుక గొంతు మాత్రమే)

రంగం: వరంగల్‌లో రెండు గదుల ఇల్లు. మార్చి నెల, మిర్చి సీజన్. రాత్రి తొమ్మిది. ఒక మూల కుట్టుమిషన్, దాని ముందు రజిత. ఇంకో మూల చాప మీద శ్రావణి, ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం. పేజీ తిరగడం లేదు. పక్కన మూత పెట్టిన అన్నం పళ్లెం. సమ్మయ్య వస్తాడు, భుజం మీద ఎర్రటి దుమ్ము పట్టిన తువ్వాల. దులపగానే రజిత తుమ్ముతుంది.

రజిత: ఆ ఘాటు బయటనే దులుపుకోరాదు! (గొంతు తగ్గించి) పొద్దటి సంది బిడ్డ అన్నం ముట్టలే. నువ్వైతే ఏమనకు.

సమ్మయ్య: నేనేమంట? (శ్రావణి దగ్గరికి వెళ్లి) పరీక్ష ఎట్ల రాసినవ్ బిడ్డా?

శ్రావణి: మంచిగ రాయలే.

సమ్మయ్య: రాయలేదంటే? తెల్లారకముందే లేచి, నడుములు పడిపోయేదాక నేను...

(రజిత మిషన్ చక్రాన్ని గర్రుమని తిప్పుతుంది. సమ్మయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు.)

(వేసేవాళ్లకు ఒక మాట: స్కిట్‌కు ప్రాణం ఈ ఆగడమే. నవ్వు వస్తుంది, రానివ్వండి. కానీ సమ్మయ్య పాత్రధారి నవ్వకూడదు. మాట మింగడం అతనికి అలవాటు లేని పని, ఆ కష్టం ముఖంలో కనబడాలి.)

సమ్మయ్య: (చాప మీద కూర్చుని) సరే. ఏమైందో నువ్వే చెప్పు. నేను వింట.

శ్రావణి: నువ్వు వినవు బాపూ. మధ్యల మొదలువెడ్తవ్.

సమ్మయ్య: మొదలువెడితే మీ అమ్మ మిషన్ తిప్పుతది. చెప్పు.

శ్రావణి: (చిన్నగా) పేపర్ చేతిల పడంగనే చేతులు చల్లబడ్డయ్. రెండు మార్కులవి అన్నీ రాసిన. నాలుగు మార్కులవి నాలుగు రాసిన. లాంగ్ క్వశ్చన్ల కాడికి వచ్చేసరికి... డిమోయర్ సిద్ధాంతం నిన్న రాత్రి చూడకుంట రాసిన బాపూ! అక్కడ మొదటి లైనే యాదికి రాలే. ముందు బెంచీ పిల్లేమో టకటక పేజీలు తిప్పుతుంది. పేజీ తిరిగినప్పుడల్లా నాకు గుండె దడ.

(సమ్మయ్య ఏదో అనబోయి, మిషన్ వైపు చూసి, ఊరుకుంటాడు. కొన్ని క్షణాల మౌనం.)

సమ్మయ్య: ఆమె పేజీల మీదికి పోయింది నీ ధ్యాసంత.

శ్రావణి: ఆ! అదే! (మొదటిసారి తల ఎత్తుతుంది) ఐదు లాంగ్ క్వశ్చన్లు రాయాలె, మూడే రాసిన.

(ఫోన్ మోగుతుంది. సమ్మయ్య తడి చేత్తో నొక్కితే స్పీకర్ ఆన్ అవుతుంది.)

కొమురయ్య గొంతు: బావా! కోడలు మ్యాథ్స్ ఎట్ల రాసిందే? మా వాడు ఫస్టియర్‌ల 470కి 462 తెచ్చిండు, ఎరుకేనా? పొద్దుగాల నాలుగింటికి లేపు. ఫోన్ గుంజుకో. టీవీ వైరు పీకెయ్. ఆడపిల్లని గారాబం...

సమ్మయ్య: బావా, బిడ్డ నాతోని మాట్లాడుతుంది. పరీక్షలైనంక నేనే చేస్త. (కట్ చేస్తాడు)

రజిత: మా అన్న ఫోన్ కట్ చేసినవా?

సమ్మయ్య: చేసిన.

రజిత: (దారం కొరుకుతూ) నేను చేద్దామనుకున్న.

(శ్రావణికి నవ్వు రాబోయి ఏడుపు వస్తుంది.)

శ్రావణి: నీకొకటి చెప్పాలె బాపూ. నువ్వు రాత్రి నడుం పట్టుకొని మూలుగుతవ్ చూడు, అప్పుడు నాకు నిద్ర పట్టది. లెక్క వేస్త. కాలేజీ ఫీజు ఎన్ని బస్తాలు, ఈ పుస్తకం ఎన్ని బస్తాలు అని. ఇయ్యాల హాల్‌ల కూడ అదే లెక్క. ఈ ఏడు మార్కులు పోతే బాపు మోసినయ్ ఎన్ని పోయినట్టు?

సమ్మయ్య: ఈ లెక్క నీకెవలు చెప్పిన్రు?

శ్రావణి: నువ్వే. బతుకమ్మ పండుగకు చుట్టాలొస్తే అందరి ముంగట అన్నవ్. "మా బిడ్డ ఒక్కో పుస్తకం నా వీపు మీద ఒక్కో బస్తా" అని.

(చాలాసేపు మౌనం. సమ్మయ్య తువ్వాల తీసి మడత పెడతాడు, విప్పుతాడు, మళ్లీ మడత పెడతాడు.)

సమ్మయ్య: అన్న. గొప్పకు అన్న. అది నువ్వు మోస్తున్నవనుకోలే.

శ్రావణి: ఒక్కోసారి ఎటన్న పోవాలనిపిస్తది.

(మిషన్ ఆగుతుంది.)

సమ్మయ్య: ఎటన్న అంటే... చచ్చిపోవాలనా బిడ్డా? నాకు దాయకుంట చెప్పు. కోపం చెయ్య.

శ్రావణి: లేదు బాపూ. అట్ల కాదు. ఎవ్వరూ మార్కులడగని ఊరికి. రెండు రోజులు.

సమ్మయ్య: మంచిది. కానీ ఎప్పుడన్న అట్ల కూడ అనిపిస్తే, అర్ధరాత్రైనా నన్ను లేపు.

శ్రావణి: నువ్వు పండుకుంటే బస్తా లెక్కనే, లేవవు.

సమ్మయ్య: నీళ్లు పొయ్యి, లేస్త.

రజిత: నన్ను లేపు. మాతోని చెప్పబుద్ధి కాకపోతే 14416కి చెయ్. పరీక్షల టెన్షనైనా చెప్పుకోవచ్చట. రాత్రీ పగలూ ఎత్తుతరు, పైసలు పడవు.

శ్రావణి: టెలిమానస్ కదా. మా కాలేజీల కూడ పోస్టర్ అంటించిన్రు. (కళ్లు తుడుచుకుని) ఆకలైతుంది.

(రజిత పళ్లెం మూత తీస్తుంది. శ్రావణి తింటూ నోట్‌బుక్ వెనక పేజీలో రాస్తుంది.)

శ్రావణి: రెండు మార్కులవి పది... ఇరవై. నాలుగు నాలుగ్ల పదహారు. మూడేడ్ల ఇరవై ఒకటి. (ఆగుతుంది) యాభై ఏడుకు రాసిన. కొన్ని పోయినా... పాస్‌కు 75కి 26 చాలు.

సమ్మయ్య: (నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని) ఊఁ.

శ్రావణి: ఏమన్న అంటవనుకున్న.

సమ్మయ్య: అందామనే అనుకున్న. ఇప్పుడు నేనేం చెయ్యాలె?

శ్రావణి: ఏం చెయ్యకు. ఎల్లుండి మ్యాథ్స్ 2బి పేపర్ ఉంది. ఇంటిగ్రేషన్ ఒక్క లెక్క చేస్త, నీకు చెప్పుకుంట చేస్త. నువ్వు వినాలె, అంతే. ఆ తర్వాత పండుకుంట.

సమ్మయ్య: నేను ఏడో తరగతి.

శ్రావణి: నడుస్తది. (పెన్ను తీసి) ఇగో, ఇక్కడ ఎక్స్ ఉంది. పక్కన సైన్ ఎక్స్ ఉంది. రెండింటినీ ఒక్కసారే చెయ్యరాదు. ఒకటి పక్కకు పెట్టి ఇంకోటి పట్టాలె... ఆగు, తప్పు. (కొట్టేసి మళ్లీ రాస్తుంది) ఇక్కడ మైనస్ వస్తది. నిన్న ఇక్కడనే ఆగిన. అయితే కాస్ ఎక్స్... ఆ! వచ్చింది!

(సమ్మయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు.)

శ్రావణి: అర్థమైందా బాపూ?

సమ్మయ్య: ఒక్క ముక్క అర్థం కాలే.

శ్రావణి: నాకైంది. ఇంకొక్కటి చేస్త, కూసో.

(దీపాలు ఆరుతాయి.)