314 గదిలో సీలింగ్ లైటు వేస్తే స్విచ్ పడిపోతోంది మేడమ్

నమస్తే మేడమ్. నేను మూడో అంతస్తు 314 గది శ్రావణిని, బీఎస్సీ సెకండియర్. ఉదయం ఆఫీసు దగ్గరికి వచ్చాను, మీరు మెస్ లెక్కల్లో ఉన్నారు. నిలబడి చెబితే సగం మర్చిపోతానని మెసేజ్ పెడుతున్నాను. కాస్త పొడుగైంది, దయచేసి చివరిదాకా చదవండి.

మా గదిలో సీలింగ్ లైటు స్విచ్ వేయగానే తలుపు పక్క పెట్టెలో ఉన్న మెయిన్ స్విచ్ టప్‌మని పడిపోతోంది. గది మొత్తం కరెంటు పోతుంది. లైటు ఆపేసి దాన్ని మళ్లీ పైకి లేపితే ఫ్యాన్లు తిరుగుతాయి, ప్లగ్గుల్లో ఫోన్లు ఛార్జింగ్ ఎక్కుతాయి, రాత్రంతా ఏమీ కాదు. లైటు వేస్తేనే పడిపోతోంది.

హీటరు గానీ కెటిల్ గానీ వాడుతున్నారా అని మొన్న మీరు అడిగారు. లేదు మేడమ్. ముగ్గురి పెట్టెలూ, అల్మారాలూ మీరు వచ్చి చూసుకోవచ్చు. ప్లగ్గుల్లో ఉన్నవన్నీ పీకేసి కూడా లైటు వేసి చూశాం, అప్పుడూ పడిపోయింది.

ఆదివారం వాచ్‌మన్ అన్న మెయిన్ ఆపి, స్టూలెక్కి పాత బల్బు తీసి కొత్తది పెట్టాడు. మళ్లీ పడిపోయింది. బల్బు అసలు పెట్టకుండా ఖాళీ హోల్డర్‌తో స్విచ్ వేసినా పడిపోయింది. అంటే తప్పు బల్బులో లేదు. పైన హోల్డర్‌లోనో, దానికి వచ్చే వైరులోనో ఉంది. ఇంకో బల్బు తెప్పిస్తే డబ్బు దండగే.

నాకు అనుమానం వానమీద. మా గదిపైన డాబాయే కదా. నీళ్లు పోయే తూము వేపాకులతో పూడిపోయి, వాన పడితే అక్కడ మడుగు కడుతోంది. హోల్డర్ చుట్టూ శ్లాబుకి పళ్లెమంత మేర చెమ్మ దిగింది, సున్నం పొరలు లేచాయి. పోయిన వారం రెండు రోజులు బాగా ఎండ కాసినప్పుడు ఇదే లైటు ఇబ్బంది లేకుండా వెలిగింది. శుక్రవారం రాత్రి వాన పడింది, శనివారం పొద్దున మళ్లీ మొదలు. ఫొటోలు రెండు కింద పెట్టాను. వైరు మార్చి తూము వదిలేస్తే వచ్చే వానకి మళ్లీ ఇదే అవుతుందేమోనని భయం.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. శనివారం వచ్చిన ఎలక్ట్రీషియన్ పైన ఏమీ చూడలేదు. "ఈ స్విచ్ మరీ సెన్సిటివ్, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తే ఇంక పడదు" అని, మళ్లీ వచ్చి ఆ పని చేస్తానని వెళ్లాడు. దయచేసి అలా చేయనివ్వకండి మేడమ్. ఆ స్విచ్‌కి టెస్ట్ బటన్ ఉంది, మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంది. కరెంటు వైరులోంచి తప్పి గోడలోకో, మనిషిలోకో పోతుంటే పసిగట్టి ఆపేసే రకం అది. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతోంది. దాన్ని తీసేస్తే లైటు వెలుగుతుంది గానీ కారడం ఆగదు. మావి ఇనుప మంచాలు, తలస్నానం చేసి తడి కాళ్లతోనే స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్తాం. మా ఊళ్లో చిన్నాన్న తడి చేత్తో బోరు మోటారు స్టార్టర్ డబ్బా ముట్టుకుని పడిపోయారు. ప్రాణం దక్కింది, కానీ ఆ రోజు ఇంట్లో ఏడుపులు నాకింకా గుర్తున్నాయి. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

హోల్డర్ విప్పి లోపల తడి, కాలిన గుర్తులు ఉన్నాయేమో చూడమనండి. పాడైన వైరు మార్చి, మీటరుతో పరీక్షించాకే లైటు వేయమనండి. డాబా తూము ఆకులు తీయడానికి మేం ముగ్గురం కూడా సాయం వస్తాం.

అప్పటిదాకా ఆ లైటు స్విచ్ మీద టేపు అంటించి "వేయొద్దు" అని రాసి పెట్టాం. పొరపాటున ఎవరైనా వేస్తే ఆ పడిపోయిన స్విచ్‌ని పదే పదే లేపొద్దని కూడా అనుకున్నాం.

ఇంకొక్క విషయం. సోమవారం నుంచి ఇంటర్నల్స్. రాత్రి వరండా లైటు కింద కూర్చుని చదువుతున్నాం, దోమలు పీకేస్తున్నాయి, మాటలకి పక్క గదివాళ్లకీ ఇబ్బంది. లైటు బాగయ్యేదాకా స్టడీ హాలు 11 గంటల వరకు తెరిచి ఉంచమని వాచ్‌మన్ అన్నకి ఒక మాట చెప్పగలరా? ప్లగ్గులు పనిచేస్తున్నాయి కాబట్టి టేబుల్ ల్యాంపు ఒకటి పెట్టుకుంటామన్నా మీ అనుమతి కావాలి.

రేపు నాకు రెండింటికల్లా క్లాసులు అయిపోతాయి. ఎలక్ట్రీషియన్ ఎప్పుడొస్తారో చెబితే గది తెరిచి ఉంచుతాను, జరిగినవన్నీ ఆయనకీ చెబుతాను. వీలైతే మీరూ ఒకసారి పైకి వచ్చి ఆ చెమ్మ చూడండి మేడమ్.

శ్రావణి, 314