వెంకాయమ్మ (సుమారు 1921–1978)

వెంకాయమ్మ మా తాతగారి తల్లి. గోదావరి డెల్టాలో, గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరిలో నలభై ఏళ్లకు పైగా కాపురం చేసింది. ఫొటో లేదు. చదువు రాదు కాబట్టి ఉత్తరం కూడా లేదు. ఆమెను చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలినవారు ఇద్దరే, వారికీ ఆమె చివరి రోజులు మాత్రమే గుర్తున్నాయి. అందుకే ఈ జీవితకథకు కాగితాలనే ఆధారం చేసుకున్నాను. అవి: 1951 జనాభా లెక్కల తర్వాత ఊరూరా రాసిన జాతీయ పౌరుల రిజిస్టరులో ఆ ఇంటి పేజీ, మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల జాబితా, పెళ్లి చదివింపుల పుస్తకాలు రెండు, 1936 నుంచి 1962 దాకా అక్కడక్కడా ఖాళీలతో సాగిన ఇంటి పద్దుల పుస్తకం, శిస్తు రశీదులు, మరణాల రిజిస్టరులో ఒక వరుస. రిజిస్టరు, ఓటర్ల జాబితా పేజీలు పాత కరణంగారి ఇంట్లో కాగితాల మధ్య ఉండిపోయాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఇలాంటివి చాలా ఊళ్లలో చెదలపాలయ్యాయి. తర్వాతి జనాభా లెక్కల్లో ఆమె గురించి ఏం రాశారో చూసే వీలు లేదు. వ్యక్తుల వివరాలను 1948 నాటి జనాభా లెక్కల చట్టం గోప్యంగా ఉంచుతుంది.

ఆమె ఎప్పుడు పుట్టిందో ఏ కాగితమూ నేరుగా చెప్పదు. 1951 రిజిస్టరులో వయసు 30. కొన్ని నెలల తేడాతో తయారైన ఓటర్ల జాబితాలో 32. 1978 మరణాల రిజిస్టరులో 55. మూడింటినీ లెక్క వేస్తే 1919కీ 1923కీ మధ్య ఎక్కడో తేలుతుంది. పుట్టిన తేదీ రాసుకునే అలవాటు లేని రోజుల్లో వయసు అడిగితే ఇరవై, పాతిక, ముప్ఫై అని గుండు అంకె చెప్పేవారు. జనాభా లెక్కల పట్టికల్లో సున్నాతో, అయిదుతో ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడి కనిపించేది అందుకే. కనుక ఆ 30ని కచ్చితమైన అంకెగా తీసుకోలేదు. మొదటి కాన్పు 1938లో జరిగింది. మూడు వయసులకూ నడుమ పడేదీ, కాన్పుల కాలానికి పొసిగేదీ కాబట్టి 1921 అనుకోవడం సబబు.

పెళ్లి తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. చదివింపుల పుస్తకం మొదటి పేజీలో శుక్ల నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధం అని రాసి ఉంది. అంటే 1930 మార్చి మొదటి పక్షం. ఈ తేదీ దగ్గర కాస్త ఆగాలి. బాలికల పెళ్లి వయసు పద్నాలుగు అని నిర్ణయించిన శారదా చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఈలోపే పెళ్లిళ్లు చేసేయాలని దేశమంతటా తల్లిదండ్రులు తొందరపడ్డారు. ఆ ఉరవడి 1931 జనాభా లెక్కల్లో వివాహితలైన చిన్నపిల్లల సంఖ్యగా బయటపడింది. వెంకాయమ్మ పెళ్లి ఆ గడువుకు మూడు నాలుగు వారాల ముందు జరిగింది. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్లు ఉండవచ్చు. చట్టానికి భయపడే ఆ ముహూర్తం పెట్టారని ఎవరూ రాసిపెట్టలేదు, కానీ నేను అలాగే నమ్ముతున్నాను. చదివింపుల్లో రూపాయి, అర్ధరూపాయి కట్నాలే ఎక్కువ. పుట్టింటివారు పెట్టిన వస్తువుల్లో మూడు కాసుల నానుతాడు ఒకటి. అది ఈ కథలోకి మళ్లీ వస్తుంది.

భర్త సూరయ్య రెండెకరాల రైతు, మరికొంత కౌలుకు చేసేవాడు. నాలుగో తరగతి దాకా చదివినట్టున్నాడు. పద్దులు పొందికగా రాసేవాడు: ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, రూపాయలు, అణాలు, పైసలు. ఇరవై రెండేళ్లు ఆయన రాసిన ఆ పుస్తకంలో భార్య పేరు ఒక్కసారే కనిపిస్తుంది. అయినా ఆమె గురించి ఎక్కువ చెప్పేది ఆ పుస్తకమే.

1951 రిజిస్టరులో ఆ ఇంట్లో ఆరుగురు: సూరయ్య, ఆయన తల్లి, వెంకాయమ్మ, పన్నెండేళ్ల కొడుకు, పదేళ్ల కూతురు, రెండేళ్ల కొడుకు. దాన్ని బట్టి ముగ్గురు బిడ్డల తల్లి అని రాసి ఊరుకోవచ్చు. పద్దుల్లో మాత్రం మంత్రసానికి ఇచ్చిన రూపాయి, రవికగుడ్డ, కుంచెడు ధాన్యం అయిదుసార్లు ఉన్నాయి: 1938, 1940, 1943, 1945, 1948. ఇంట్లో కాన్పయ్యే వయసున్న స్త్రీ మరొకరు లేరు. 1943లోనూ 1945లోనూ పుట్టినవాళ్లు 1951 నాటికి లేరు. 1945 మంత్రసాని ఖర్చుకు తొమ్మిది రోజుల తర్వాత, "గొయ్యి తవ్వినవాడికి 4 అణాలు" అని ఉంది. 1943 బిడ్డకు అలాంటి పద్దు ఏదీ లేదు. వారి పేర్లు, ఆడో మగో అన్నది కూడా ఏ కాగితంలోనూ దొరకలేదు. మా వంశవృక్షంలో ఇన్నాళ్లూ లేని ఆ ఇద్దరినీ పుట్టిన సంవత్సరాలతో చేర్చాను.

1951 రిజిస్టరులో జీవనాధారం అనే గడి ఉంది. సూరయ్యకు సేద్యం అని రాశారు. వెంకాయమ్మకు రాసింది, "ఆర్జన లేదు, భర్తపై ఆధారం". ఆ ఏడాది లెక్కల్లో మనుషులను మూడు రకాలుగా విడదీశారు: తమ కాళ్లపై నిలిచినవారు, కొంత ఆర్జిస్తూ ఇతరులపై ఆధారపడినవారు, ఏ ఆర్జనా లేక ఆధారపడినవారు. ఆమెను మూడో రకంలో వేశారు. ఇది తప్పు. తప్పని చెప్పడానికి ఆధారం సూరయ్య చేతిరాతలోనే ఉంది.

జమవైపు నెలనెలా "పాల పైకం" అని వస్తుంది. 1938లో నెలకు మూడు రూపాయల చొప్పున మొదలై, 1950 నాటికి పదమూడు, పద్నాలుగుకు చేరింది. ఆ ఒక్క ఏడాది పాల పైకం మొత్తం 162 రూపాయలు. ధాన్యం అమ్మగా వచ్చింది 430. అంటే చేతికొచ్చిన ఆ డబ్బులో నాలుగో వంతుకు పైగా పాడిదే. ఆ పాలు ఎవరు పితికారు, ఎవరు అమ్మారు అన్నది ఆయన రాయలేదు. కానీ మంత్రసాని పద్దు వచ్చిన ప్రతిసారీ పాల పైకం పడిపోతుంది. 1940లో కాన్పుకు ముందు నెల నాలుగు రూపాయల ఆరణాలు, కాన్పయిన నెల రూపాయి రెండణాలు, మూడో నెలకు మళ్లీ నాలుగు. అయిదు కాన్పులకూ ఇదే వరస. గేదె ఒట్టిపోయి ఉండవచ్చు కదా అనుకుని ఖర్చువైపు చూశాను. ఆ నెలల్లో తవుడు, చిట్టు కొనడం తగ్గలేదు. ఒట్టిపోయిన గేదెకు పాలిచ్చే గేదెతో సమానంగా దాణా పెట్టేంత స్తోమత ఆ ఇంటికి లేదు. గేదె పాలిస్తూనే ఉంది. పురిట్లో ఉన్న మనిషి మాత్రం పాలు పితికి వాడకాలకు పోయలేకపోయింది. ముసలి అత్తగారు చేయగలిగినంత చేసి ఉంటుంది, ఆ రూపాయి రెండణాలు బహుశా అవే.

లెక్కలు రాయడానికి వచ్చినాయన ఆ ఫిబ్రవరిలో గుమ్మం ముందు నిలబడి ఇంటాయననే అడిగి ఉంటాడు. ఆయన మనసులో పాడి అంటే ఇంటి పనే. అడిగిన తీరును బట్టే ఆడవాళ్ల పని లెక్కకు ఎక్కుతుంది, ఎక్కదు. 1961లో పని అన్నదానికి విశాలమైన అర్థం ఇచ్చారు. 1971లో ప్రధానంగా చేసేది ఏమిటని ముందుగా అడిగేసరికి పనిచేసే స్త్రీల సంఖ్య దేశమంతటా బాగా పడిపోయింది. ఆ పదేళ్లలో ఆడవాళ్లు పాలు పితకడం మానేశారా, నాట్లు వేయడం మానేశారా?

1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. కట్టలు తెగి డెల్టా ఊళ్లు మునిగాయి. పద్దుల పుస్తకంలో మూడు వారాలు ఖాళీ. ఆ తర్వాతి మొదటి మాట, "గేదె, దూడ పోయినవి". కింద, "వెంకాయమ్మ నానుతాడు తాకట్టు 120 రూపాయలు". ఆ పుస్తకంలో ఆమె పేరు కనిపించే ఒక్క చోటు ఇదే. వస్తువు ఆమెది కాబట్టి ఆ పేరు రాయక తప్పలేదేమో. అక్టోబరులో, "గేదెకు 180". తక్కిన అరవై వడ్డీకి తెచ్చారు. నానుతాడు విడిపించినట్టు పద్దు 1956 సంక్రాంతికి ముందు వస్తుంది. ఆ రెండేళ్ల పైచిలుకు కాలమంతా వడ్డీ కట్టింది పాల పైకం వచ్చిన రోజుల్లోనే, రెండు పద్దులూ పక్కపక్కనే ఉన్నాయి.

కూతురి పెళ్లి 1957లో, పదిహేడేళ్ల వయసులో చేశారు. తల్లి కన్నా సుమారు ఎనిమిదేళ్లు ఆలస్యంగా. ఆ చదివింపుల పుస్తకంలో "తల్లి ఇచ్చినది: గేదె పెయ్య 1" అని విడిగా రాశారు. ఇంటి తరఫున పెట్టినవి వేరే పేజీలో ఉన్నాయి. ఆ పెయ్యను ఆమె సొంతమని అందరూ ఒప్పుకున్నారన్నమాట. ఆ ఏప్రిల్ నుంచే పద్దుల్లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి.

సూరయ్య 1958లో పోయారు. అక్కడి నుంచి రాత పెద్దకొడుకుది, అంటే మా తాతగారిది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కొడుకులూ కూతుళ్లతో పాటు భార్యకూ వాటా ఇచ్చింది. మా ఇంట్లో ఆ వాటాలు ఎవరూ కాగితం మీద పంచుకోలేదు గాని, 1959 నుంచి 1970 దాకా శిస్తు రశీదులు "సూరయ్య భార్య వెంకాయమ్మ" పేరనే ఉన్నాయి. పన్నెండేళ్లలో ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. 1961లో కౌలు తగాదా సర్దుబాటు చేసుకున్న కాగితం మీద ఆమె ఎడమచేతి బొటనవేలి ముద్ర ఉంది, పక్కన సాక్షులు ఇద్దరు. ఆ కాగితం ప్రకారం కౌలు బకాయిలో సగం ధాన్యంగా, సగం ఏడాది పాటు పాలు పోసి తీర్చడానికి ఆమె ఒప్పుకుంది.

1962 తర్వాత పద్దుల పుస్తకం ఆగిపోయింది. తర్వాతి పదహారేళ్లకు రశీదులు తప్ప ఏమీ లేవు. ఆ కాలం గురించి ఇంట్లో వినవచ్చే కథలను ఇక్కడ చేర్చలేదు, ఒకరు చెప్పినది మరొకరు ఒప్పుకోవడం లేదు.

మరణాల రిజిస్టరులో 1978 జూన్ అని, కారణం జ్వరమని, వృత్తి ఇంటిపని అని రాశారు. ఆ ఏడాది చివర అన్నదమ్ములు వేరుపడినప్పుడు రాసుకున్న పంపకాల జాబితాలో పాడిగేదెలు రెండున్నాయి. అవి చిన్నకోడలి వంతుకు వచ్చాయి. ఆమె అయిదో తరగతి దాకా చదువుకుంది. 1979, 1980ల పాల లెక్క ఒక నోటుపుస్తకంలో ఆమె చేతిరాతలోనే ఉంది. అట్ట మీద ఆమె పేరుంది.